మార్చి 31 దాటాక దివాలా, మార్చి 31 దాటాక మంటలు: అంకెలు మార్చాలా, నోట్స్‌లో రాస్తే చాలా?

మార్చి 31కి పుస్తకాలు మూస్తాం. ఆ లెక్కల్ని బోర్డు ఆమోదించేసరికి మే చివరో, ఇంకా ఆలస్యమో అవుతుంది. ఈ మధ్యలో పెద్ద దెబ్బ తగిలితే దాన్ని మార్చి 31 అంకెల్లోకి తేవాలా, లేక అంకెల జోలికి పోకుండా నోట్స్‌లో చెప్తే సరిపోతుందా? చాలామంది నష్టం ఎంత పెద్దదో చూసి నిర్ణయిస్తారు. అది తప్పు. ఇలాంటి సంఘటనల కోసమే ఉన్న అకౌంటింగ్ స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 10 అడిగేది ఒక్కటే: ఆ నష్టానికి కారణమైన పరిస్థితి మార్చి 31న ఉందా, తర్వాత పుట్టిందా? ఉంటే అంకెలు సర్దాలి. తర్వాత పుట్టి, అది చెప్పుకోదగ్గంత పెద్దదైతే నోట్స్‌లో వెల్లడించాలి.

గుంటూరులో ఒక కారం పొడి కంపెనీ ఉందనుకుందాం. మార్చి 31న ఒక హోల్‌సేల్ కస్టమర్ దగ్గర రావాల్సింది 48 లక్షలు. అందులో రాకపోవచ్చని ముందుగానే నష్టంగా రాసుకున్న ప్రొవిజన్ 2 లక్షలే. ఏప్రిల్ 22న ఆ కస్టమర్ మీద దివాలా పిటిషన్‌ను కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అడ్మిట్ చేసుకుంది. మహా అయితే 12 లక్షలు వస్తాయని అంచనా.

మేనేజ్‌మెంట్ వాదన ఎప్పుడూ ఒకటే: "ఆర్డర్ వచ్చింది ఏప్రిల్‌లో కదండీ, వచ్చే ఏడాది చూసుకుందాం." కానీ ఆ పార్టీ ఖాతా తెరిస్తే జనవరిలో కట్టాల్సిన బిల్లులు అలాగే ఉన్నాయి, ఫిబ్రవరిలో రెండు చెక్కులు బౌన్స్ అయ్యాయి. అంటే మార్చి 31 నాటికే ఆ బాకీ సగం చచ్చిపోయింది. ఏప్రిల్ ఆర్డర్ కొత్తగా నష్టం తేలేదు, ఉన్న నష్టాన్ని ఖాయం చేసింది. కాబట్టి ఇది సర్దాల్సిన సంఘటన. మొత్తం ప్రొవిజన్ 36 లక్షలు కావాలి, 2 లక్షలు ముందే ఉన్నాయి, కనుక ఇంకో 34 లక్షలు మార్చి లెక్కల్లోనే పెట్టాలి. పన్నుకు ముందు లాభం 60 లక్షలు ఉంటే 26 లక్షలకు దిగుతుంది. చేదుగానే ఉంటుంది, కానీ ఆ కంపెనీ నిజంగా సంపాదించింది అంతే.

ఇప్పుడు అదే కంపెనీకి ఏప్రిల్ 10న గోడౌన్ తగలబడి 3 కోట్ల మిర్చి బూడిదైందనుకోండి. నష్టం బాకీ కన్నా ఎన్నో రెట్లు పెద్దది. అయినా మార్చి 31 అంకెల్లో ఒక్క రూపాయి మారదు. ఆ రోజు సరుకు గోడౌన్‌లో క్షేమంగా ఉంది. బ్యాలెన్స్ షీట్ చెప్పాల్సింది ఆ రోజు సంగతే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ను కూడా మార్చి ఆస్తిగా చూపకూడదు. నోట్స్‌లో మాత్రం ఏం జరిగిందో, నష్టం అంచనా ఎంతో రాయాలి. అంచనా వేయడం కుదరకపోతే కుదరడం లేదనే రాయాలి. ఇండ్ ఏఎస్ కాకుండా పాత స్టాండర్డ్ ఏఎస్ 4 పాటించే కంపెనీలు ఈ వివరాన్ని బోర్డు రిపోర్టులో ఇస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలిపోయిన సరుకులో 50 లక్షల మిర్చికి మార్చికి ముందే బూజు పట్టి, 20 లక్షలకు మించి అమ్ముడుపోదని తేలిందనుకుందాం. ఆ 30 లక్షల తగ్గింపు మంటలది కాదు, బూజుది. అది మార్చి లెక్కల్లోకే రావాలి. అందుకే అగ్నిప్రమాదం ఫైలు చూసేటప్పుడు ఫైర్ రిపోర్టుతో ఆగకుండా మార్చి నెల స్టాక్ చెకింగ్ షీట్లు, నాణ్యత పరీక్ష కాగితాలు కూడా అడుగుతాను.

రెండూ కలిసి వచ్చినప్పుడే అసలు టెన్షన్. కస్టమర్ దివాలా తీశాడు, కానీ తీయడానికి కారణం ఏప్రిల్ 18న ఇన్సూరెన్స్ లేని తన ఫ్యాక్టరీ కాలిపోవడం. మార్చి వరకు బిల్లులన్నీ గడువులోపే కట్టాడు, చెక్కులన్నీ పాసయ్యాయి. దివాలా అనే మాట చూడగానే 34 లక్షల ఎంట్రీ వేసేస్తే తప్పే. మార్చి 31న ఆ బాకీ మంచి బాకీ. ఇది నోట్స్‌లోకి వెళ్లాల్సిన సంగతి. స్టాండర్డ్ కూడా కస్టమర్ దివాలా గురించి 'సాధారణంగా' పాత పరిస్థితిని ధ్రువపరుస్తుందనే అంటుంది, 'ఎప్పుడూ' అనదు.

గోడౌన్ మంటలకు తిరిగి వస్తే, అంకెలు మారవన్న మాటకు ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఆ నష్టంతో కంపెనీ మూతపడక తప్పదని, వేరే దారి లేదని బోర్డు ఆమోదానికి ముందే తేలితే, వ్యాపారం కొనసాగుతుందన్న ఆధారం మీద లెక్కలు తయారు చేయకూడదు. అప్పుడు సరిచేయాల్సింది ఒక్క స్టాక్ విలువ కాదు, మొత్తం లెక్కలు నిలబడిన ఆధారమే మారుతుంది. మంటలు మార్చి 31 తర్వాత వచ్చాయన్న వాదన అక్కడ చెల్లదు.