ఆరేళ్లు వాడాక నా థిక్‌నెస్ గేజ్ గురించి

పైడిభీమవరం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పైపుల మందం చూడటం నా పని. అరచేతిలో ఇమిడే ఈ అల్ట్రాసోనిక్ గేజ్‌ని 5 మెగాహెర్ట్జ్ డ్యూయల్ ప్రోబ్‌తో ఆరేళ్లుగా వాడుతున్నాను. ప్రోబ్ పంపిన శబ్దం లోహం అవతలి ముఖాన్ని తాకి తిరిగొచ్చే టైమ్‌ని బట్టి గేజ్ మందం లెక్కేస్తుంది. మిషన్ మంచిదే. నాకు తిట్లు తినిపించింది నా బద్ధకం.

మొదట్లో స్టెప్ వెడ్జ్‌లో, అంటే మందం ముందే తెలిసిన మెట్ల దిమ్మలో, 10 మి.మీ. మెట్టు మీద జెల్ రాసి ప్రోబ్ పెట్టేవాణ్ణి. 10.20 చూపిస్తే వెలాసిటీ, అంటే గేజ్‌లో పెట్టే శబ్ద వేగం, తగ్గించి 10.00కి తెచ్చి, అయిపోయిందనుకునేవాణ్ణి. ఒకరోజు ఎందుకో 2 మి.మీ. మెట్టు మీద పెడితే 2.16 వచ్చింది. నిజానికి తప్పు వెలాసిటీలో లేదు, ప్రోబ్ లోపలే శబ్దానికి పట్టే టైమ్‌ని లెక్కలోంచి తీసేసే జీరో సెట్టింగ్‌లో ఉంది. ప్రోబ్ ముఖం అరిగినకొద్దీ జీరో జరుగుతుంది. జీరో తేడా అన్ని మెట్లకీ ఒకేలా కలుస్తుంది, వెలాసిటీ తేడా మందంతో పాటు పెరుగుతుంది. నేను 0.20 కూడిక తప్పుని గుణకారంతో సర్దాను. పల్చటి పైపుని దళసరిగా చూపించే గేజ్ కన్నా గేజ్ లేకపోవడమే నయం.

ఇప్పుడు లావు మెట్టు మీద వెలాసిటీ, సన్న మెట్టు మీద జీరో సరిచేస్తాను. ఒకటి కదిపితే రెండోది కాస్త కదులుతుంది కాబట్టి రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరగాలి. చివర్లో ముట్టుకోని 6 మి.మీ. మెట్టు కూడా 6.00 దగ్గరే చూపిస్తే ధైర్యం.

నా వెడ్జ్ కార్బన్ స్టీల్‌ది. దాని మీద 5920 (సెకనుకు మీటర్లు) సరిపోతుంది. స్టెయిన్‌లెస్ ట్యాంకు దగ్గరికి అదే సెట్టింగ్‌తో వెళ్తే మోసపోతాం. ఒక స్టెయిన్‌లెస్ ముక్క మైక్రోమీటర్‌తో 6.00 ఉంటే గేజ్ 6.23 అంది. 5920ని 6.00తో గుణించి 6.23తో భాగిస్తే సుమారు 5700. ఆ అంకె పెట్టాక సరిగ్గా వచ్చింది. అల్యూమినియంలో శబ్దం సుమారు 6320 వేగంతో పోతుంది కాబట్టి తేడా ఎదురు తిరుగుతుంది, 6.00 ముక్క 5.62గా కనిపిస్తుంది. అది పనికిరాదని పారేయించే తప్పు, స్టెయిన్‌లెస్‌ది పనికొస్తుందని నమ్మించే తప్పు. గేజ్ లోపలున్న పట్టికలో అంకెలు దారి చూపడానికే. పోత ఇనుములో అయితే వేగం రకాన్ని బట్టి ఎంతో మారుతుంది, అదే పోతలోని ముక్కని కొలిచి చూడకుండా అంకె పెట్టను.

ఒక సైట్‌లో సూపర్‌వైజర్, “పెయింటు మీదే పెట్టెయ్ బాబూ, టైమ్ లేదు” అన్నారు. పెయింటులో శబ్దం స్టీల్ కంటే చాలా నెమ్మది. అందుకే నా గేజ్ ఆ పొరని దాని అసలు మందానికి రెండింతలకు పైగా లెక్కలో కలిపేస్తుంది. రూపాయి బిళ్లంత చోట గీకేదాకా ఆయన మొహం చూడలేదు.

కొన్నప్పటి ప్రోబ్ రెండేళ్లకే పోయింది, గరుకు పైపుల మీద రుద్దినందుకు. గేజ్ మాత్రం కింద పడ్డా పని చేస్తోంది. బ్యాటరీ మూత ఒక్కటే టేపుతో అతికించుకున్నాను.