షార్ట్ వీడియో చూసి ఎంతమంది కొన్నారు: కోడ్ నమ్మాలా, బయో లింక్ నమ్మాలా?

వీడియోలు పెట్టి సొంత సరుకు అమ్ముకునేవాళ్ళకు మొదట వచ్చే తలనొప్పి ఇది. వ్యూస్ వేలల్లో ఉంటాయి, ఆర్డర్లు పదుల్లో ఉంటాయి. ఆ పది ఏ వీడియో వల్ల వచ్చాయో తేలదు. తేల్చుకోవడానికి చేతిలో ఉన్నవి రెండే: వీడియోలో చెప్పే డిస్కౌంట్ కోడ్, ప్రొఫైల్ బయోలో పెట్టే లింక్.

ముందు లింక్ సంగతి. బయోలో మామూలు అడ్రస్ కాకుండా, వెనక గుర్తులు తగిలించినది పెడతాం:

```
https://example.com/lamp?utm_source=instagram&utm_medium=bio&utm_campaign=reel07
```

ఎవరైనా దీన్ని నొక్కితే ఎక్కడినుంచి వచ్చారో అనలిటిక్స్‌లో కనిపిస్తుంది. ఎంతమంది నొక్కారు, ఎంతమంది పేజీ చూసి వెనక్కి పోయారు, ఎంతమంది కార్ట్ దాకా వచ్చి ఆగిపోయారు, అన్నీ తెలుస్తాయి. కోడ్ ఈ పని చేయలేదు. కొన్నవాళ్ళను లెక్కపెట్టడమే గానీ, కొనకుండా పోయినవాళ్ళ గురించి అది ఏమీ చెప్పదు.

అయితే లింక్ చాలామందిని వదిలేస్తుంది. బయోలో నొక్కిన లింక్ సాధారణంగా యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. మనిషి వస్తువు చూస్తాడు, కార్డు వివరాలు అక్కడ కొట్టబుద్ధి కాక మూసేస్తాడు. రాత్రి తీరిగ్గా క్రోమ్‌లో దుకాణం పేరు వెతికి కొంటాడు. వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకునే కుకీలు ఆ రెండు బ్రౌజర్లలో వేర్వేరు కాబట్టి ఆ ఆర్డర్ మన లెక్కలో సెర్చ్ నుంచో, నేరుగానో వచ్చినట్టు పడుతుంది. ఇక వీడియో చూస్తున్నవాడు దాన్ని ఆపి, ప్రొఫైల్‌కి వెళ్ళి, అక్కడ లింక్ నొక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా కొందరు జారిపోతారు. యూట్యూబ్ షార్ట్స్‌లోనైతే 2023 ఆగస్టు 31 నుంచి వివరణలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కినా తెరుచుకోవు.

ఇంకో చిక్కు ఉంది. బయో లింక్ వీడియోలన్నిటికీ ఉమ్మడి. కొత్త వీడియో పెట్టగానే `reel07` ని `reel08` గా మార్చామనుకోండి, పాత వీడియో చూసి రేపు వచ్చేవాడు కూడా ఎనిమిది ఖాతాలోనే పడతాడు. ఏ వీడియో అమ్మిందన్న ప్రశ్నకు అందుకే లింక్ సూటిగా జవాబివ్వదు.

కోడ్ మనిషి బుర్రలో ఉంటుంది. ఫోన్ మార్చినా, బ్రౌజర్ మార్చినా, వారం తర్వాత కొన్నా పనిచేస్తుంది. వీడియోకి ఒక కోడ్ ఇస్తే ఏది ఎవరిని తెచ్చిందో చాలావరకు తేలిపోతుంది. ఇక్కడ స్పెల్లింగ్ చూసుకోవాలి. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెడితే ఒకరు `DEEPAM` అని, ఒకరు `DIPAM` అని కొడతారు. చెప్పడమే కాదు, అక్షరాలు తెరమీద రెండు మూడు సెకన్లు నిలపాలి.

కోడ్‌కి ఖర్చుంది. ధర 100, మనకు పడే ఖర్చు 60 అనుకుంటే మిగిలేది 40. పది శాతం తగ్గింపు అంటే ఆ 40లో 10, అంటే లాభంలో పావు వంతు. ఎలాగూ కొనేవాడికీ అది ఇచ్చేస్తాం. పైగా కోడ్ బయటికి పాకుతుంది. నా కోడ్ ఒకటి కూపన్ల సైట్‌కి ఎక్కితే, వీడియో బ్రహ్మాండంగా ఆడుతోందని మురిసిపోయి అలాంటివే మరో మూడు తీశాను. వ్యూస్ పడిపోయాక కూడా కోడ్ ఆర్డర్లు తగ్గకపోతే అనుమానించాలని అప్పుడే అర్థమైంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక దీపం వీడియోకి రెండు వారాల్లో లింక్ 6 ఆర్డర్లు, కోడ్ 19 ఆర్డర్లు చూపించాయి. కలిపి 25 అనకూడదు. ఆర్డర్ నంబర్లు పక్కపక్కన పెడితే 4 రెండిట్లోనూ ఉన్నాయి, కాబట్టి అసలు 21. కోడ్ వాడినవాటిలో 3, వీడియో చల్లారాక కూపన్ సైట్ నుంచి వచ్చినవి, తీసేస్తే 18. అందులో 5 పాత ఖాతాదారులవి. వీడియో తెచ్చిన కొత్తవాళ్ళు 13 మంది. లింక్ ఒక్కటే చూసి ఉంటే ఆరుగురే వచ్చారనుకుని ఆ తరహా వీడియోలు మానేసేవాళ్ళం.

నన్నడిగితే, ఏ వీడియో అమ్ముతోందో తెలియాలంటే కోడ్ మేలు. ఒక్కొక్కరికి ఒక్కసారే పనిచేసేలా, రెండు మూడు వారాల్లో గడువు తీరేలా పెట్టుకోవాలి. వేరేవాళ్ళ చేత వీడియో చేయించి అమ్మకాన్ని బట్టి డబ్బిచ్చేటప్పుడూ కోడే పట్టుకోండి, ఇద్దరికీ ఒకే అంకె కనిపిస్తుంది. లాభం సన్నగా ఉండి తగ్గింపు ఇవ్వలేని సరుకైతే లింక్‌తోనే సరిపెట్టుకోవాలి, కానీ అది చూపే అంకెను కనీస సంఖ్యగానే తీసుకోండి. జనం వస్తున్నారు గానీ కొనడం లేదనిపించినప్పుడు మాత్రం కోడ్ పక్కన పెట్టి లింక్ రిపోర్టే తెరవాలి. ఏ పేజీ దగ్గర వెనక్కి పోతున్నారో అందులోనే ఉంటుంది.