రైనోలో సర్ఫేస్ అతుకులు: జీబ్రాకి చిక్కని మధ్య గీత కర్వేచర్ గ్రాఫ్‌కి ఎలా దొరికింది

బెంగళూరులో ప్లాస్టిక్ వస్తువుల పై షెల్ మోడలింగ్ పని చేస్తాను, రైనో అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్ళుగా రోజూ వాడుతున్నాను. అతుకులు చెక్ చేయడానికి అందులో ఉన్న టూల్స్ గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది, ఎందుకంటే "జీబ్రా వేశాను, బాగానే ఉంది" అని ఫైల్ పంపేసేవాళ్ళని చాలామందిని చూస్తున్నాను. జీబ్రా అంటే సర్ఫేస్ మీద నలుపు తెలుపు చారలు ప్రతిబింబించినట్టు చూపించే టూల్, మెరిసే నల్ల ప్లాస్టిక్‌కి ఆ ఒక్క చెక్ చాలదు.

మొదట మూలం ఒక్క ముక్కలో. రెండు సర్ఫేస్‌లు అంచు దగ్గర కలిస్తే జీ0, వాటి వాలు కూడా కలిస్తే జీ1, వంపు కూడా కలిస్తే జీ2. మూలని గుండ్రంగా చేసే మామూలు ఫిల్లెట్ జీ1 మాత్రమే. 6 మి.మీ. వ్యాసార్థం ఉన్న ఫిల్లెట్ మీద వంపు 1/6, పక్కనున్న దాదాపు చదునైన సర్ఫేస్ మీద సున్నా, మధ్యలో ఒక్కసారిగా దూకుతుంది, అందుకే ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ఆ అంచు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. ఇది చాలామందికి తెలిసిందే, `BlendSrf` వాడితే తీరిపోతుంది. నేను చెప్పాలనుకున్నది దీనికన్నా మొండి సమస్య: సగం మోడల్ చేసి మిర్రర్ కొట్టినప్పుడు మధ్యలో వచ్చే గీత.

ఒక రౌటర్ పై మూత పని వచ్చింది. వెడల్పు 120 మి.మీ., పైభాగం కాస్త ఉబ్బుగా, పియానో బ్లాక్ ఫినిష్. సర్ఫేస్‌లు వేరేచోట తయారై మా దగ్గరికి వచ్చాయి. పీణ్యలో టూల్‌రూమ్ చూసుకునే చిత్తూరాయన శాంపిల్‌ని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి, "సార్, మధ్యలో వెన్నులాగా గీత కనిపిస్తోంది, మోల్డ్ పాలిష్ తప్పు కాదు, డేటాలోనే ఉంది చూడండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే.

ఫైల్ తెరిచి `EdgeContinuity` వేశాను. రైనో 7 నుంచి ఉన్న ఈ కమాండ్ నాకు బాగా ఇష్టం, రెండు అంచుల మధ్య దూరం, వాలు, వంపు ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో అంచు పొడవునా చూపిస్తుంది. ఇక్కడ మూడింటిలోనూ తేడా లేదు. జీబ్రా వేస్తే గీతలు తెగలేదు, విరగలేదు కూడా. కానీ గీతల్ని సన్నగా పెట్టి, `Adjust mesh`లోకి వెళ్ళి మెష్‌ని బాగా చిక్కగా చేశాక చూస్తే మధ్య రేఖ మీద ప్రతి గీతా కొంచెం గట్టిగా వంగుతోంది. మెష్ పలచగా ఉంటే జీబ్రా లేని తప్పు చూపిస్తుంది, ఉన్న తప్పు దాచేస్తుంది కూడా, కాబట్టి ఆ సెట్టింగ్ మార్చకుండా జీబ్రాని నమ్మకండి.

అసలు విషయం `CurvatureGraph`లో దొరికింది. అడ్డంగా ఒక ఐసోకర్వ్, అంటే సర్ఫేస్ మీద ఒకే దిశలో సాగే గీత, తీసుకుని గ్రాఫ్ వేస్తే వంపు ఎంతో దువ్వెన పళ్ళ ఎత్తులో కనిపిస్తుంది. రెండు సగాల దువ్వెన పళ్ళూ మధ్యలో ఒకే ఎత్తుకి వచ్చి కలిశాయి, అంటే జీ2 ఉంది, కానీ కలిసిన చోట పైకప్పులాగా మొన తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త, గ్రాఫ్ కోసం `Section` కొట్టకండి, అది టాలరెన్స్ లోపల సుమారుగా గీసిన కర్వ్, దానికున్న సొంత వణుకు దువ్వెనలో కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. `ExtractIsocurve` అయితే సర్ఫేస్‌లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఈ మొన ఎందుకొస్తుందంటే, మిర్రర్ చేసేటప్పుడు సర్ఫేస్ ఆకారాన్ని నడిపించే కంట్రోల్ పాయింట్లలో రెండో వరసని మొదటి వరస ఎత్తులోనే పెడతాం, అప్పుడు మధ్యలో వాలు సున్నా. రెండు పక్కలా ఒకే ఆకారం కాబట్టి వంపు దానంతట అదే సమానమైపోతుంది, జీ2 మనకి ఉచితంగా వచ్చేస్తుంది. కానీ వంపు ఎంత వేగంగా తగ్గుతోంది అన్నది మాత్రం మిర్రర్‌లో తలకిందులవుతుంది, ఎడమవైపు పెరుగుతూ వచ్చి కుడివైపు తగ్గుతూ పోతుంది. ఆ వేగం మధ్యలో సున్నా కాకపోతే మొన తప్పదు. మెరిసే నలుపు మీద కంటికి తగిలేది అదే.

ఆ మూత సర్ఫేస్ అడ్డంగా డిగ్రీ 5, ఆరు వరసలు, 12 మి.మీ. చొప్పున సమాన దూరంలో ఉన్నాయి. మధ్య నుంచి అంచు వైపు ఎంత కిందికి దిగాయో చూస్తే 0, 0, 0.6, 1.4, 2.6, 4 మి.మీ. ఈ లెక్కన సరిగ్గా మధ్యలో వంపు వ్యాసార్థం 300 మి.మీ., 10 మి.మీ. పక్కకి వెళ్ళేసరికి దాదాపు 400. ఇంత త్వరగా మారితే వెన్ను కనపడక ఏమవుతుంది?

ఇలాంటి ఒకే స్పాన్ సర్ఫేస్‌లో వరసలు సమాన దూరంలో ఉన్నప్పుడు మొన పోవడానికి కావలసిన షరతు చాలా చిన్నది, ఇందులో z అంటే ఆ వరస ఎత్తు:

```
z2 = z1
z3 - z1 = (z4 - z1) / 3
```

అంటే మూడో వరస దిగుడు, నాలుగో వరస దిగుడులో మూడో వంతు ఉండాలి. ఇక్కడ 1.4ని 3తో భాగిస్తే 0.467. కాబట్టి మూడో వరసని 0.133 మి.మీ. పైకి లేపాను, పొడవు దిశలో ఉన్న ప్రతి పాయింట్‌కీ దాని దాని లెక్క వేసి. మధ్యలో వ్యాసార్థం దాదాపు 386 అయింది, దువ్వెన మొన పోయి మధ్యలో చదునుగా, అక్కడినుంచి అంచుల వైపు మెల్లగా తగ్గింది. సర్ఫేస్ నిజంగా కదిలింది ఎంతో తెలుసా, ఎక్కువలో ఎక్కువ 0.05 మి.మీ. కన్నా తక్కువ! లోపలి భాగాల ఫిట్టింగ్‌కి ఇది ఏమాత్రం అడ్డు కాదు.

నాలుగు, ఐదు, ఆరో వరసల్ని అసలు ముట్టుకోలేదు, ఇది కావాలనే. పక్క గోడతో జీ2 మ్యాచ్ ఆ మూడు వరసల మీదే ఆధారపడి ఉంది. అందుకే ఇలాంటి షెల్‌కి డిగ్రీ 5 అడుగుతాను, మధ్య అతుకుకి మూడు వరసలు, పక్క అతుకుకి మూడు. డిగ్రీ 3లో ఉన్నవి నాలుగే వరసలు, `MatchSrf`లో `Curvature` పెట్టి పక్కని సరిచేస్తే మూడు వరసలు కదిలిపోయి మధ్యలో వాలు చెడుతుంది, మధ్యని సరిచేస్తే పక్క చెడుతుంది. ఇలా అక్కడా ఇక్కడా సర్దుతూ టెన్షన్ పడేవాళ్ళు ముందు `ChangeDegree`తో 5 చేయండి, ఒకే స్పాన్ ఉన్న సర్ఫేస్ అయితే ఆకారం మారదు.

`MatchSrf` గురించి కూడా రెండు మాటలు. మంచి టూల్, రోజూ వాడతాను, కానీ మార్చాల్సిన అంచు ట్రిమ్ చేయనిదై ఉండాలి, ఎదుటి అంచు ట్రిమ్ అయినా పర్వాలేదు. `Refine match` టిక్ పెడితే టాలరెన్స్ లోపలికి వస్తుంది గానీ సర్ఫేస్‌ని స్పాన్‌లుగా విడగొట్టే నాట్‌లు బోలెడు చేర్చి పాయింట్లని గుట్టలా పోస్తుంది, తర్వాత చేత్తో సరిచేసే దారి మూసుకుపోతుంది. నేను అది ఆపేసి, తేడా మిగిలితే ఎదుటి సర్ఫేస్ పాయింట్ల అమరికనే మారుస్తాను. `Symmetry` కమాండ్ హిస్టరీతో వాడితే సగం కదిలిస్తే రెండో సగం వెంటనే కదులుతుంది, పై సవరణ చేసేటప్పుడు ఎంతో సాయం. అయితే అది మధ్యలో వాలు కలుపుతుంది తప్ప మూడో వరస లెక్క చూడదు, అది మనమే చేసుకోవాలి.

టెక్స్‌చర్ వేసే మ్యాట్ భాగాలకి ఇదంతా అక్కర్లేదు, జీ2 ఉంటే చాలు, చిన్న ఫిల్లెట్‌లకి జీ1 కూడా నడుస్తుంది. నేను మూడో వరస లెక్క చూసేది మెరిసే సర్ఫేస్‌లకి, అందులోనూ లోగో లేకుండా మధ్య భాగం ఖాళీగా కనపడే వాటికే.