టికెట్ల విందా, స్పాన్సర్ల విందా?

విజయవాడలో విరాళాల విందుకి హాలు, స్టేజీ, సౌండు కలిపి 1,60,000, ప్లేటు 1,200 అనుకుందాం.

టికెట్ల మీదే నడిపితే: 200 మంది, టికెట్ 2,000. వచ్చేది 4 లక్షలు, ఖర్చూ సరిగ్గా 4 లక్షలే! దాతలిచ్చిన కొండపల్లి బొమ్మలు, మంగళగిరి చీరల వేలంలో వచ్చే లక్షే మిగులు. రూపాయి రాబట్టడానికి 80 పైసలు పోయాయి.

స్పాన్సర్లతో: 120 మందే. వారిలో 20 మంది స్పాన్సర్ల అతిథులు, వాళ్లకి టికెట్ ఉండదు, ప్లేటు ఖర్చు మాత్రం మనదే. మిగతా వందమందికి 3,000 చొప్పున 3 లక్షలు, స్పాన్సర్లు 3,60,000, వేలం లక్ష. ఖర్చు 3,04,000, అంటే రూపాయికి 40 పైసలు.

నా ఓటు దీనికే. కానీ స్పాన్సర్ డబ్బు చేతికి రాకముందే హాలుకి అడ్వాన్స్ కట్టొద్దు. ఆ 3,60,000 రాకపోతే ఖర్చు రూపాయికి 76 పైసలవుతుంది.