లెన్సులతో తొమ్మిదేళ్లు: నా కంటికి పడిన అలంకరణ, పడని అలంకరణ

నాకు రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర. విజయవాడలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. తొమ్మిదేళ్లుగా నెలకొకసారి మార్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వాడుతున్నాను. ఉదయం ఎనిమిదికి పెట్టుకుంటే సాయంత్రం ఆరుకు తీస్తాను. కాటుక లేకుండా బయటికి వెళ్లిన రోజులు చిన్నప్పటి నుంచీ నాకు చాలా తక్కువ. అందుకే ఈ సమీక్షలో లెన్సుల కంపెనీ గురించో కాజల్ పెన్సిల్ గురించో చెప్పడం లేదు. ఆ రెండూ ఒకే కంట్లో కలిసి ఉన్నప్పుడు ఏం జరిగింది, ఏది మార్చాక బాగుపడింది అన్నదే చెబుతున్నాను.

మొదటి నాలుగేళ్లూ నా ఇబ్బంది ఒకే తీరులో ఉండేది. కొత్త జత తెరిచిన వారం రోజులు హాయిగా గడిచేవి. రెండో వారానికల్లా మధ్యాహ్నం మూడింటికి బోర్డు మీద అక్షరాలు ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టు కనిపించేవి. రెప్ప ఆడిస్తే ఒక్క క్షణం తేటపడి మళ్లీ మసకబారేవి. లెన్సు తీసి కళ్లజోడు పెట్టుకుంటే ఆ మసక ఉండేది కాదు. అంటే మసక ఉన్నది కంట్లో కాదు, లెన్సు మీద. ఇంత తేలికైన సంగతి గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. అన్నాళ్లూ లెన్సుల రకం నాసిదనుకుని రెండుసార్లు కంపెనీ మార్చాను. డబ్బు ఖర్చయింది, మసక మాత్రం అలాగే ఉంది.

అసలు సంగతి బయటపడింది మా పిన్ని కూతురి పెళ్లిలో. తెనాలిలో, వైశాఖంలో, అర్ధరాత్రి ముహూర్తం. అలంకరణ చేయడానికి వచ్చిన అమ్మాయి నా కింది రెప్ప లోపలి అంచు మీద, అంటే వెంట్రుకలకూ కనుగుడ్డుకూ మధ్య ఉండే సన్నని తడి గట్టు మీద, పెన్సిల్‌తో రెండుసార్లు దట్టంగా దిద్దింది. పై రెప్ప లోపలి అంచుకూ దిద్దింది. జిలకర బెల్లం వేళకు ఎడమ కన్ను ఎర్రబడింది, ఇసుక పడినట్టు గరగరలాడింది. చేతి రుమాలుతో నలిపాను. లెన్సు తీయకుండానే తెల్లవారేదాకా గడిపాను. మర్నాడు లెన్సు తీశాక కూడా ఎరుపు తగ్గకపోయేసరికి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను.

ఆవిడ కంట్లో పచ్చటి రంగు చుక్క వేసి, నీలి కాంతిలో చూసి, నల్లగుడ్డు మీద గీతలేమీ పడలేదని చెప్పారు. తరువాత కింది రెప్ప అంచును మెల్లగా నొక్కి చూశారు. "ఇక్కడ వరుసగా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయమ్మా. కన్నీటి మీద తేలే సన్నని నూనె పొర వాటిలోంచే వస్తుంది. నువ్వు ఆ రంధ్రాల మీదే మైనం రాస్తున్నావు" అన్నారు. ఆ నూనె వచ్చేది మైబోమియన్ గ్రంథుల నుంచి. అవి సరిగా పనిచేస్తే కంటి తడి త్వరగా ఆవిరైపోదు. పెన్సిల్ కాజల్లో ఉండేవి మైనాలు, నూనెలు, రంగు పొడి. రెప్ప ఆడిన ప్రతిసారీ అవి కొంచెం కొంచెంగా తడిలోకి జారుతాయి. కన్ను మామూలుగా ఉన్నప్పుడైతే కన్నీటితో పాటు మూలకు చేరి పుసిగా బయటికి వచ్చేస్తాయి. లెన్సు ఉంటే దాని మీద అంటుకుంటాయి. పైగా సిలికాన్ హైడ్రోజెల్ కంటికి గాలిని బాగా అందనిస్తుంది కానీ, నూనెను తనకు పట్టించుకునే గుణం కూడా దానికి ఉంది.

రెండు వారాలు లెన్సులు మానమన్నారు. పూటకు పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు వెచ్చని గుడ్డ కాపడం పెట్టుకోమన్నారు. ఆ రోజు పెట్టుకున్న జతను పారేయమన్నారు. అన్నీ చేశాను.

తరువాత నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. కొత్త జత తెరిచి, పది పనిదినాలు కుడి కంటికి పాత పద్ధతిలో లోపలి గట్టు మీద, ఎడమ కంటికి వెంట్రుకల వరుసకు బయట, చర్మం మీద మాత్రమే, అదే పెన్సిల్‌తో దిద్దాను. మిగతావన్నీ రెండు కళ్లకూ సమానం. మూడో రోజు నుంచే మధ్యాహ్నానికి కుడి కన్ను మసకబారడం మొదలైంది. పదో రోజు సాయంత్రం రెండు లెన్సులనూ వేలి కొన మీద పెట్టి కిటికీ వెలుతురులో చూశాను. ఎడమది నీటి బొట్టులా తేటగా ఉంది. కుడిదాని మీద నూనె మరక లాంటి మెరుపు, అంచున రెండు మూడు నల్లని నలుసులు. రుద్ది కడిగినా ఆ మెరుపు పూర్తిగా పోలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన పరిశీలన గురించి తరువాత చదివాను. లోపలి అంచున దిద్దినప్పుడు బయట దిద్దినప్పటి కంటే ఐదు నిమిషాల్లోనే 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటి పొరలోకి చేరాయని అందులో ఉంది. నా వంటింటి కిటికీ దగ్గర కనిపించింది అదే.

అప్పటి నుంచి లెన్సు ఉన్న రోజు లోపలి గట్టు జోలికి వెళ్లలేదు. వెంట్రుకల మొదళ్లకు ఆనుకుని బయటి వైపు సన్నగా గీసి, దూది పుల్లతో కొంచెం మెత్తగా చెరిపితే చూసేవారికి కాటుక కన్నులాగానే ఉంటుంది. పెన్సిల్ మొన ప్రతిసారీ చెక్కుతాను. పాత పొర పోతుంది, మొన కూడా గుచ్చుకోదు.

మస్కారా విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ఉంది. నీటికి చెదరని రకాన్ని లెన్సులు వాడేవారు రోజూ వాడకూడదు. అది రోజంతా బాగానే నిలుస్తుంది, తప్పంతా తీసేటప్పుడే. మామూలు నీళ్లకు పోదు కాబట్టి నూనెతో తీయాలి. ఆ నూనె రెప్పల మొదళ్లలో ఉండిపోయి మర్నాటి లెన్సుకు పడుతుంది. ఇప్పుడు నేను వాడేది ట్యూబింగ్ రకం. వెంట్రుక చుట్టూ సన్నని గొట్టంలా బిగుసుకుని, గోరువెచ్చని నీళ్లు తగిలితే తొక్కలా ఊడి వస్తుంది. వెంట్రుకలను పొడవుగా చూపించడానికి పీచు కలిపిన రకాలు వాడిన రోజుల్లో మధ్యాహ్నానికి కంట్లో పీచు ముక్కలు దొరికేవి. మెరుపు పొడి ఉన్న ఐషాడో కూడా అంతే. పొడి రకం కంటే క్రీము రకం ఐషాడో తక్కువ రాలుతుంది. మస్కారా గొట్టం మీద తెరిచిన తేదీ రాసి, మూడు నెలలకు మిగిలినా పారేస్తాను. తడి, చీకటి, వెచ్చదనం ఉన్న ఆ గొట్టంలోకి రోజూ కంటి దగ్గరి క్రిములను మనమే తీసుకెళ్లి ముంచుతున్నాం. ఎండిపోయిందని నీళ్లు కలపడం మరీ ప్రమాదం.

క్రీములు మాత్రం నన్ను చాలాకాలం ఏమార్చాయి. కాజల్ మానినా వారానికి రెండు మూడు ఉదయాలు లెన్సు పెట్టుకున్న వెంటనే మసక వచ్చేది. ఇంకా దిద్దనే లేదు కదా, ఎక్కడిదనుకున్నాను. ఆ రోజులు గుర్తుపెట్టుకుని చూస్తే, ముందు రాత్రి కంటి కింద క్రీము రాసుకున్నవే అన్నీ. ఒంటి వేడికి క్రీము కరిగి రాత్రంతా రెప్పల వైపు పాకుతుంది. ఇప్పుడు కంటి కింద ఎముక చేతికి తగిలే చోట మాత్రమే, రెండు కళ్లకూ కలిపి బఠాణీ గింజలో సగమంత రాస్తాను. అక్కడి నుంచి పైకి, రెప్పల దాకా తీసుకురాను. ముడతల కోసం అమ్మే రెటినాల్ క్రీమును కంటి దరిదాపులకే రానివ్వను. అది కంట్లోకి చేరితే మంట, పొడిబారడం రెండూ చూశాను. సన్‌స్క్రీన్ ఇంకో సమస్య. మే నెలలో బస్సు దిగి నడిస్తే నుదుటి చెమటతో పాటు అదీ కంట్లోకి కారుతుంది. కనుబొమల పైన పలుచగా రాసి, కళ్ల చుట్టూ నీడకు గొడుగు, చలువ అద్దాలు వాడుతున్నాను.

ఇక చేతులు. తలకు కొబ్బరినూనె రాసి జడ వేసుకుని, చేయి నీళ్లతో కడిగి లెన్సు ముట్టుకుంటే ఆ రోజంతా మసకే. తేమ కోసం క్రీము కలిపిన సబ్బులు కూడా వేళ్ల మీద పొర వదులుతాయి. వాసన, క్రీము లేని మామూలు సబ్బుతో కడిగి, నూలు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకుని ముందుగా లెన్సులు పెట్టుకుంటాను. ఆ తరువాతే ముఖానికి క్రీము, సన్‌స్క్రీన్, కాజల్. జుట్టుకు స్ప్రే కొట్టుకోవాల్సి వస్తే అది లెన్సుల కంటే ముందే అయిపోవాలి. సాయంత్రం మొదట లెన్సులే తీస్తాను, ఆ తరువాతే అలంకరణ తుడుస్తాను. లెన్సు కంట్లో ఉండగా మేకప్ తుడిచే ద్రవం వాడితే కరిగిన రంగు, నూనె అంతా నేరుగా లెన్సు మీదికే చేరుతుంది. తుడిచాక రెప్పలను మూసి, కళ్లకు మంట పెట్టని సబ్బు నురుగుతో వెంట్రుకల మొదళ్ల వెంట కడిగి నీళ్లు కొడతాను. లెన్సులు బయట ఉన్నప్పుడు మాత్రమే ఈ పని. లెన్సుకు కుళాయి నీళ్లు తగలకూడదు. ఆ నీటిలో ఉండగల అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డుకు తెచ్చే జబ్బు చూపునే తీసేయగలదు.

తీసిన లెన్సును అరచేతిలో సొల్యూషన్ వేసి ఒక్కో వైపు వేలితో రుద్దుతాను. సీసా మీద రుద్దనక్కరలేదని రాసి ఉన్నా రుద్దుతాను. నూనె నానబెడితే పోయేది కాదు. డబ్బీలో నిన్నటి సొల్యూషన్ మీద కొత్తది పోయడం మొదట్లో నేనూ చేశాను. ఇప్పుడు రోజూ పారబోసి, డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరబెడతాను. మూడు నెలలకు డబ్బీ కూడా మారుస్తాను. పెళ్లిళ్లకు మాత్రం ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు వేరుగా కొనుక్కుంటున్నాను. అలంకరణ ఎక్కువైన రోజు మురికంతా ఆ జతతోనే పోతుంది. ఖర్చయినా ఇది నాకు బాగా నచ్చిన మార్పు.

ఇవన్నీ మసకకూ గరగరకూ పనిచేస్తాయి. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, లెన్సు తీశాక కూడా ఎరుపు పెరుగుతున్నా, చూపు తగ్గినా అది కాజల్ వల్లేలే అని ఊరుకోవద్దు. లెన్సు తీసి, పారేయకుండా డబ్బీలో పెట్టుకుని, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. క్రిమి సోకిందేమో చూడడానికి ఆ లెన్సు, డబ్బీ కూడా వారికి అవసరం కావచ్చు.

అమ్మ ఇప్పటికీ ఆముదం దీపం మసిని పళ్లెం వెనక పట్టి, నెయ్యి కలిపి కాటుక చేస్తుంది. అంతా నూనె, మసి కనుక లెన్సుకు దానంత చెరుపు మరొకటి లేదు. కానీ ఆ చల్లదనాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఆదివారం లెన్సులకు సెలవు. ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని, అమ్మ చేతనే కాటుక పెట్టించుకుంటాను. రాత్రి పడుకునే ముందు వెచ్చని గుడ్డతో రెప్పలు తుడిచి, సోమవారం ఉదయం లెన్సు తీసుకునే ముందు కింది రెప్ప లాగి అద్దంలో చూస్తాను. నలుపు కనిపిస్తే ఆ రోజు కూడా కళ్లజోడే.