కొబ్బరాకుకి ఒకటి, ఆకాశానికి ఒకటి: గేమ్ టెక్స్చర్లకి ఏది మేలు?

మా పిన్ని కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతూ కోనసీమ కాలవలో పడవ నడిపే చిన్న గేమ్ చేస్తున్నాడు, పీసీలో బానే ఆడుతోంది గానీ 3 జీబీ ఫోన్లో మాత్రం లోడింగ్ సగంలోనే మూసుకుపోతోంది. "అన్నయ్యా, ఆకులకీ ఆకాశానికీ అతికించే టెక్స్చర్ బొమ్మలన్నీ కలిపినా 60 ఎంబీ లేవు, మెమరీ ఎలా నిండుద్ది?" అంటాడు. నిండుద్ది రా. పీఎన్‌జీ అంటే బేలు కట్టిన కొబ్బరి పీచు లాంటిది, కట్టు విప్పితే గది నిండిపోద్ది. 2048×2048 బొమ్మ ఫోన్ గ్రాఫిక్స్ చిప్‌కి చేరేసరికి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 16 ఎంబీ, దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న కాపీలు, అదే మిప్‌మ్యాప్‌లు, ఇంకో మూడో వంతు, మొత్తం 21 ఎంబీ పైనే. వాడివి 24 ఉన్నాయి, అంటే 512 ఎంబీ.

అందుకే చిప్ నేరుగా చదివే ఫార్మాట్లు వాడాలి, అవి మెమరీలో కూడా నొక్కినట్టే ఉంటాయి, ప్రాసెసర్ విప్పే పని లేదు కాబట్టి లోడింగూ తొందరగా అవుద్ది. పీసీ కార్డులకి బీసీ ఫ్యామిలీ, ఇప్పటి ఫోన్లకి ఏఎస్‌టీసీ. ఇక్కడే మావోడు ఇంకో తప్పు చేశాడు, ఫోన్ కోసం చేసిన ఏఎస్‌టీసీ ఫైళ్ళనే పీసీ బిల్డ్‌లో కూడా పెట్టేశాడు. మామూలు పీసీ కార్డుకి అది అర్థం కాదు, ఇంజిన్ గుట్టుగా మొత్తం విప్పేసి మామూలు బొమ్మగా ఎక్కించేస్తది, ఎర్రర్ కూడా రాదు. గేమ్ గీసే ఫ్రేమ్‌ని విప్పి చూపించే రెండర్‌డాక్ టూల్లో ఒక ఫ్రేమ్ పట్టి చూస్తే ఫార్మాట్ దగ్గర `R8G8B8A8` అని కనపడింది, అంటే అస్సలు నొక్కని బొమ్మ, అప్పుడు దొరికాడు.

పీసీలో ఏది అంటే నా ఓటు బీసీ7కే. బీసీ1 అందులో సగమే, 2048 బొమ్మకి 2 ఎంబీ, కానీ ఎరుపు, పచ్చ, నీలం రంగుల్ని 5-6-5 బిట్లలో దాస్తది కాబట్టి సాయంత్రం గోదారి మీద ఆకాశం గీసుకుంటే మెట్లు మెట్లుగా చారలొస్తాయి, అక్కడక్కడ పచ్చ, ఊదా ఛాయలు కూడా కనపడతాయి. పైగా పారదర్శకత ఉందా లేదా అంతే, మధ్యలో ఏం లేదు, కొబ్బరాకు అంచులు రంపంలా వస్తాయి. బీసీ3 అంచుల్ని బాగుచేస్తది గానీ రంగు అదే పాత లెక్క, సైజేమో బీసీ7తో సమానం, 4 ఎంబీ. డైరెక్ట్‌ఎక్స్ 11 కార్డు ఉంటే బీసీ3 ఎందుకండి? బీసీ7 తయారీకి టైమ్ ఎక్కువ పడుద్ది, అది బిల్డ్ రోజు బాధ, ఆడేవాడి బాధ కాదు.

ఫోన్‌లో కథ వేరే. ఏఎస్‌టీసీ ప్రతి బ్లాక్‌కీ 16 బైట్లే ఇస్తది, ఆ బ్లాక్‌లో ఎన్ని పిక్సెళ్ళు కుక్కాలో మనిష్టం. 4×4 అయితే బీసీ7 అంతే, 4 ఎంబీ. 6×6 అయితే 1.8 ఎంబీ, 8×8 అయితే ఒక్క ఎంబీ. అందరూ ఆకాశానికి మంచి క్వాలిటీ ఇవ్వాలనుకుంటారు గానీ చేసి చూస్తే తిరగబడింది. ఆకాశం 8×8లో కూడా చక్కగానే ఉంది, ఎందుకంటే 64 పిక్సెళ్ళలో రంగు పెద్దగా మారదు. కొబ్బరాకు మాత్రం చితికిపోయింది, ఒకే బ్లాక్‌లో సన్నటి పచ్చ ఈనెలు, మధ్యలో ఖాళీ, అంచు పారదర్శకత అన్నీ ఇరికాయి, ఈనెలు ఒకదానికొకటి అతుక్కుని దూరం నుంచి పచ్చ గుడ్డ వేలాడేసినట్టుంది. ఆయ్, చూసి నవ్వుకున్నాం. 6×6లో కొంచెం నయం, 4×4లోనే ఈనెలు విడివిడిగా వచ్చాయి. పీఎన్‌జీని ఏఎస్‌టీసీగా మార్చే astcenc టూల్‌కి ఇచ్చిన కమాండ్లు ఇవే:

```
astcenc -cs aaku.png aaku.astc 4x4 -medium
astcenc -cs aakasam.png aakasam.astc 8x8 -medium
```

చివరికి ఆకులు, పడవ చెక్క లాంటి 4 బొమ్మలకి 4×4, ఇళ్ళు గట్లు వగైరా 14కి 6×6, ఆకాశం, దూరపు చేలు, బురద లాంటి 6కి 8×8 పెట్టాం, మిప్‌మ్యాప్‌లతో కలిపి సుమారు 63 ఎంబీ. పీసీకి అన్నీ బీసీ7, 128 ఎంబీ, అక్కడ పిసినారితనం అక్కర్లేదు.

మరీ పాత ఆండ్రాయిడ్ ఫోన్లకి ఈటీసీ2 ఉంది, పారదర్శకత ఉన్న బొమ్మకి ఏఎస్‌టీసీ 4×4 అంత చోటే తీసుకుని క్వాలిటీ తక్కువిస్తది, కాబట్టి దిక్కులేనప్పుడే. ప్లే స్టోర్‌లో ఫోన్‌ని బట్టి ఏ ఫార్మాట్ ప్యాక్ పంపాలో విడగొట్టి పెట్టొచ్చు, రెండూ ఒకే ప్యాకేజీలో మోయించక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం మావోడికి నచ్చలా, డౌన్‌లోడ్ సైజు పెరిగింది. ఈ ఫార్మాట్లు మెమరీలో చిన్నవే గానీ డిస్క్ మీద జేపీజీ అంత చిన్నవి కావు. ఫైళ్ళ మీద ఇంకోసారి జెడ్‌స్టాండర్డ్ నొక్కుడు వేస్తే కొంత దిగింది, ఆకాశం ఫైలు బాగా దిగింది, ఆకు ఫైలు మాత్రం మొండికేసింది.