విజయవాడలో నీట్ లాంగ్ టర్మ్: ఏడాది ఖర్చు మా లెక్కల పుస్తకంలో ఇలా తేలింది

మాది మార్కాపురం. మా పెద్దమ్మాయికి 2024 నీట్‌లో 412 మార్కులు వచ్చాయి. ఇంకొక ఏడాది చదువుతానంటే విజయవాడలో ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో లాంగ్ టర్మ్‌కు చేర్పించాం. 2024 జూన్ 10న దింపి వచ్చాం, 2025 మే 4న పరీక్ష రాసింది. చేర్చిన రోజు నుంచి ప్రతి రూపాయీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. ఈ ఏడాది పిల్లల్ని చేర్చబోయేవాళ్లకు పనికొస్తుందని ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. కాలేజీ పేరు రాయడం లేదు.

రిజల్ట్ వచ్చిన వారంలోనే ఆ కాలేజీ పీఆర్వో మా ఇంటికి వచ్చాడు. "మొత్తం లక్షా అరవై ఐదు వేలమ్మా, తిండి, ఉండడం, మెటీరియల్ అన్నీ అందులోనే" అన్నాడు. మేం దాని మీద చేతి ఖర్చుకు నెలకు 1,500 చొప్పున పది నెలలకు 15,000, రాకపోకలకూ చిల్లర వాటికీ ఇంకో పది వేలు కలిపి, 1,90,000 అవుతుందని అనుకున్నాం. పరీక్ష అయిన రాత్రి కూడితే 2,73,000 తేలింది. తేడా 83,000. అందులో యాభై వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం.

పీఆర్వో చెప్పిన లక్షా అరవై ఐదు వేలల్లో చదువుకు 95,000, హాస్టల్‌కూ మెస్‌కూ 70,000. ఆ విభజన మాకు రెండో వాయిదా కట్టేటప్పుడు రసీదు చూస్తే తెలిసింది. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ విడిగా వేశారు, అంటే 17,100. అడిగితే "ట్యాక్స్ ఎక్స్‌ట్రా అని అప్లికేషన్‌లోనే ఉందమ్మా" అన్నారు. వెనక పేజీలో చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. మేం చదవకుండా సంతకం పెట్టాం. హాస్టల్ భాగం మీద మాత్రం ట్యాక్స్ వేయలేదు. అందుకే ఫీజు మొత్తం ఒక్క అంకెగా కాకుండా, చదువుకు ఎంత, హాస్టల్‌కు ఎంత అని విడగొట్టి రాయించుకోవాలి. ట్యాక్స్ దేని మీద, ఎంత అన్నది అప్పుడే తెలుస్తుంది.

రెండోది నెలల లెక్క. 70,000 అంటే పది నెలలకు, నెలకు ఏడు వేలు. జూన్ 10 నుంచి పది నెలలంటే ఏప్రిల్ 10కే అయిపోతుంది. పరీక్షేమో మే మొదటి ఆదివారం. గ్రాండ్ టెస్టులన్నీ సరిగ్గా ఆ మధ్య రోజుల్లోనే పెడతారు, పిల్లని ఇంటికి తీసుకురాలేం. ఇరవై నాలుగు రోజులకు పూర్తి నెల ఏడు వేలూ తీసుకున్నారు. "ఏడాది" అనే మాటను నమ్మకుండా క్యాలెండర్ పెట్టుకుని, దింపే తేదీ నుంచి పరీక్ష మర్నాటి వరకు లెక్కపెట్టాల్సిందని అప్పుడర్థమైంది.

మా అంచనా బాగా తప్పింది నెలవారీ చేతి ఖర్చులో. రాత్రి భోజనం ఏడున్నరకు, స్టడీ అవర్స్ పదకొండు దాకా. మొదటి నెలలో ఫోన్ చేసినప్పుడల్లా ఆకలేస్తోందమ్మా అనేది. పిల్ల దుబారా చేస్తోందని మావారు కోప్పడ్డారు కూడా. తర్వాత ఒక ఆదివారం వెళ్లి నేనే ఆ మెస్‌లో తిన్నాను. అన్నం, నీళ్ల పప్పు, సగం ఉడికిన బెండకాయ కూర. ఆ రోజు నుంచి పాలు, పండ్లు, ఉడికించిన గుడ్లు, బిస్కెట్లకు నెలకు 1,100 పెట్టుకోమన్నాను. బట్టలుతకడానికి 500, సబ్బులు, నూనె, ప్యాడ్లు వగైరాకు 600, ఫోన్ కాల్స్‌కు 200, నెలకొక అవుటింగ్‌కు 300. వెరసి 2,700. పదకొండు నెలలకు 29,700 అయింది. మేం వేసుకున్న దానికి దాదాపు రెట్టింపు. ఇందులో తగ్గించదగ్గది ఏదీ నాకు కనపడలేదు.

చూడడానికి నేనూ మావారూ ఎనిమిదిసార్లు వెళ్లాం. బస్సు, ఆటో, భోజనం కలిపి ప్రతిసారీ 2,200 దాకా అయ్యింది. దసరాకూ సంక్రాంతికీ తీసుకొచ్చి మళ్లీ దింపడం కూడా కలిపితే రాకపోకలకే 22,000. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, ఇప్పుడైతే తల్లి ఒక్కతే వెళ్లి రావచ్చు.

నవంబరులో జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయని వార్డెన్ ఫోన్ చేస్తే రాత్రికి రాత్రి వెళ్లాం. టెస్టులు, గది, మందులు, ఐదు రోజులు మా తిండి, అన్నీ 14,000. ఆ డబ్బు మా అంచనాలో ఒక్క రూపాయి కూడా లేదు. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే చోట ఏడాదిలో ఒక్కసారైనా జ్వరం రాకుండా ఉండదు. పదిహేను వేలు పక్కన పెట్టుకోండి. రాకపోతే కౌన్సెలింగ్‌కు పనికొస్తాయి.

మిగతావి చిన్నవి. మెటీరియల్ ఇచ్చారు కానీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇవ్వలేదు. బయాలజీ ప్రశ్నలు ఆ పుస్తకాల్లోని వాక్యాల నుంచే వస్తాయి కాబట్టి రెండేళ్లవీ కొన్నాం. పాత ప్రశ్నల పుస్తకాలు, నోట్సులు, జిరాక్సులతో కలిపి 6,800. పరుపు, ట్రంకు పెట్టె, బకెట్ లాంటి వాటికి 5,500. బీసీ కోటాలో నీట్ దరఖాస్తు 1,600. గుంటూరులో సెంటర్ పడింది, ఆ రోజుకు 2,500. కాషన్ డిపాజిట్ ఐదు వేలల్లో ఫ్యాన్ రిపేరు, గోడ మరకలు అని 1,800 పట్టుకున్నారు.

డబ్బు కట్టే పద్ధతి గురించి ఒక్క మాట. మేం మూడు వాయిదాల్లో కట్టాం. మా అమ్మాయి గదిలోనే ఉన్న అమ్మాయి వాళ్లు ఐదు వేలు తగ్గిస్తామంటే మొత్తం ఒకేసారి కట్టేశారు. ఆ పిల్ల సెప్టెంబరులో ఉండలేక వెళ్లిపోయింది. రిఫండ్ లేదని చెప్పి పంపారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలనీ, హాస్టల్, మెస్ డబ్బు కూడా అందులో కలుస్తుందనీ ఉంది. ఆ కాగితం చూపిస్తే కూడా "మా రూల్స్ వేరు" అన్నారట. ఐదు వేల తగ్గింపు కోసం మొత్తం ముందే కట్టకండి.

చదువు విషయానికొస్తే, వారం వారం ఓఎంఆర్ షీట్ మీద పెట్టిన పరీక్షలు మా అమ్మాయికి నిజంగా మేలు చేశాయి. నెగెటివ్ మార్కులు సగానికి తగ్గాయి. కెమిస్ట్రీ బాగా చెప్పారు. ఫిజిక్స్ సార్ డిసెంబరులో మానేశాక వచ్చిన ఆయన మొదటి నుంచీ వేరే పద్ధతిలో మొదలుపెట్టారు, ఆ నెలంతా వృథా. ఒక్కో సెక్షన్‌లో 70 మంది, డౌట్స్ అడగాలంటే క్యూ. 2025 ఫిజిక్స్ పేపర్ చాలా కఠినంగా వచ్చినా 471 తెచ్చుకుంది. ఆ ఏడాది కోచింగ్ వృథా అయిందని నేననను. మాకు బాధ కలిగించింది డబ్బు ముందే తెలియకపోవడం. తెలిసి ఉంటే వడ్డీకి తేవాల్సింది కాదు, మిరప అమ్మినప్పుడే పక్కన పెట్టేవాళ్లం.

మొన్న మా తమ్ముడి కొడుకు కోసం వేరే క్యాంపస్‌కు వెళ్లాం. లక్షా డెబ్బై వేలన్నారు. ఫీజు విభజన, ట్యాక్స్, హాస్టల్ ఆఖరి తేదీ, మధ్యలో మానేస్తే ఎంత ఇస్తారు, ఈ నాలుగూ రసీదు వెనక రాసి సంతకం పెట్టమని అడిగాను. మూడింటికి రాశారు. రిఫండ్ దగ్గర ఆగి, లోపలికెళ్లి అడిగొస్తామన్నారు. అరగంట కూర్చున్నాం, ఎవరూ రాలేదు. మా తమ్ముడు అడ్వాన్స్ కట్టకుండానే లేచాడు, మేం ఇంకో రెండు చోట్లకు వెళ్లి చూడాలి.